ప్రమోటర్ల గడిలో సున్నా

"సార్, ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో ఏదో పొరపాటు పడ్డట్టుంది. ప్రమోటర్ల వాటా దగ్గర సున్నా చూపిస్తోంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను."

ఎంబీఏ పిల్లలకు ఏటా ఒక చిన్న పని ఇస్తుంటాను. స్టాక్ మార్కెట్లో ఉన్న ఏదో ఒక కంపెనీని తీసుకుని, అది ఏ రంగానిది, ఎవరి చేతిలో ఉంది, ఇక్కడిదాకా ఎలా వచ్చింది అన్నది నాలుగు పేజీల్లో రాసి తేవాలి. ఆ అమ్మాయి ఎంచుకున్నది ఐటీసీ. "సున్నా తప్పు కాదమ్మా, నీ నాలుగు పేజీల్లో అసలు రాయాల్సిందే అది" అన్నాను. ఆ తర్వాత గంటసేపు మేమిద్దరం ఆ కాగితాల మీదే కూర్చున్నాం. మార్కెట్లో పది షేర్లు కొన్న ఎవరికైనా పనికొచ్చే సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో కంపెనీ అనగానే దాని వెనక ఒక కుటుంబమో, ఒక గ్రూపో, ప్రభుత్వమో కళ్లముందు మెదులుతుంది. వాళ్లనే ప్రమోటర్లంటాం. ప్రతి కంపెనీ మూడు నెలలకోసారి, ఆ త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా, తన షేర్లు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ఆ పత్రమే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్. అందులో ప్రమోటర్లకు ఒక పట్టిక, ప్రజలకు ఇంకో పట్టిక ఉంటాయి. ఇక్కడ 'ప్రజలు' అంటే మీరూ నేనే అనుకోకండి. ప్రమోటర్లు కానివాళ్లంతా దాదాపు ఆ పద్దులోకే వస్తారు. ఎల్ఐసీ అయినా, మ్యూచువల్ ఫండ్ అయినా, లండన్ కంపెనీ అయినా అంతే. ఒక శాతం, అంతకు మించి ఉన్నవాళ్ల పేర్లు మాత్రం ఆ పట్టికలో విడిగా కనిపిస్తాయి.

ఐటీసీలో ప్రమోటర్ల పట్టిక ఖాళీ. దాంతో మా అమ్మాయి అక్కడే ఆగిపోయింది, రెండో పట్టిక తెరవనే లేదు. తెరిపించాను. ఎల్ఐసీ పేరు కనిపించింది, సుమారు 15 శాతం. 'స్పెసిఫైడ్ అండర్‌టేకింగ్ ఆఫ్ ద యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా' అనే చాంతాడంత పేరు పక్కన దాదాపు 8 శాతం. పాత యూనిట్ ట్రస్టును 2003లో విడగొట్టినప్పుడు కేంద్ర ప్రభుత్వానికి మిగిలిన ఆస్తి అది, అంటే నికరంగా సర్కారు వాటా. వీటి మధ్య 'టొబాకో మాన్యుఫాక్చరర్స్ (ఇండియా) లిమిటెడ్' అని ఒకటుంది. పేరులో ఇండియా ఉన్నా అది విదేశీ కంపెనీల పద్దులో ఉంటుంది. అలాంటివే మిడిల్టన్ ఇన్వెస్ట్‌మెంట్, రోత్‌మన్స్ ఇంటర్నేషనల్ అని ఇంకో రెండు.

"ఈ మూడూ ఎవరివి?" అని అడిగాను. తెలియదంది. మూడూ లండన్‌లోని బ్రిటిష్ అమెరికన్ టొబాకోవే. పొడి అక్షరాల్లో బీఏటీ. 2024 మొదట్లో ఈ మూడు పేర్లనూ కూడితే 29 శాతం. అంటే ఐటీసీలో అందరికంటే పెద్ద వాటాదారు పేరు ఆ పత్రంలో ఎక్కడా నేరుగా కనబడదు. మూడు పేర్లు వెతికి పట్టుకుని కూడిక వేస్తేగానీ బయటపడదు. చాలా రిపోర్టులు తప్పేది ఇక్కడే.

మరి అంత వాటా ఉన్నవాడు ప్రమోటర్ ఎందుకు కాలేదు? దానికి జవాబు చరిత్రలో ఉంది. ఆమె రిపోర్టులో చరిత్ర అంటూ ఒక పేజీ ఉంది కానీ, అది కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకున్న తేదీల చిట్టా. ఏ తేదీ దేనికి దారితీసిందో అందులో లేదు.

1910 ఆగస్టు 24న కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా పేరుతో ఇది పుట్టింది. బీఏటీ కుటుంబంలోని బిడ్డే. రెండేళ్లకే, 1912లో, ఆకు సేకరణ కోసం ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చింది. గుంటూరు, చీరాల పెద్దలకు ఆ పూర్తి పేరు చెబితే తెలియకపోవచ్చు, ఐఎల్‌టీడీ అంటే మాత్రం వెంటనే గుర్తుపడతారు. వర్జీనియా పొగాకు, బ్యారన్లు, గ్రేడింగు పనులు అన్నీ ఆ మూడు నాలుగు అక్షరాల చుట్టూ అల్లుకున్నవే.

తెల్లదొరల కంపెనీ కాస్తా మెల్లగా దేశీ వేషం వేసుకుంది. 1954లో పబ్లిక్ లిమిటెడ్ అయింది. 1969లో అజిత్ నారాయణ్ హక్సర్ తొలి భారతీయ ఛైర్మన్ అయ్యారు. 1970లో ఇంపీరియల్ పోయి ఇండియా టొబాకో కంపెనీ అయింది, 1974లో అదీ కుదించి ఐ.టి.సి. చేశారు. పేరులోంచి పొగాకు అనే మాట జారిపోయింది చూడండి, అది ఊరికే జరగలేదు. అప్పుడే 1973 నాటి విదేశీ మారక చట్టం, మన నోళ్లలో 'ఫెరా', విదేశీ కంపెనీల మెడ మీద కూర్చుంది. సాధారణ వ్యాపారాల్లో విదేశీ వాటా 40 శాతం దాటకూడదంది. బీఏటీ దిగిరాక తప్పలేదు. అలా వదులుకున్న వాటాల్లో పెద్ద భాగం కాలక్రమంలో యూనిట్ ట్రస్టు, ఎల్ఐసీ వంటి ప్రభుత్వ ఆర్థిక సంస్థల దగ్గర పోగుపడింది.

అక్కడి నుంచి కంపెనీ పగ్గాలు ఉద్యోగులుగా చేరి పైకెదిగిన మేనేజర్ల చేతికి వచ్చాయి. 1990ల మధ్యలో బీఏటీ మళ్లీ వాటా పెంచుకుని పట్టు బిగించాలని చూసింది. అప్పటి ఛైర్మన్ కె.ఎల్. చుగ్ ఎదురు తిరిగారు. ఆ పోరు పత్రికల మొదటి పేజీలకెక్కింది. చివరికి చుగ్ తప్పుకున్నారు, 1996లో వై.సి. దేవేశ్వర్ ఛైర్మన్ అయ్యారు. బీఏటీ చేతికి మాత్రం మెజారిటీ రాలేదు. 2010లో సిగరెట్ల తయారీలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిని ప్రభుత్వం పూర్తిగా నిషేధించడంతో ఇక పెంచుకునే దారి కూడా మూసుకుపోయింది. అతి పెద్ద వాటాదారు నడపలేడు, నడిపేవాళ్లకు చెప్పుకోదగ్గ వాటా లేదు, మూడోవైపు ప్రభుత్వ సంస్థలు. ఆ సున్నా వెనకున్న కథ ఇది.

నడపలేకపోయినా ఆపగలడా? ఇక్కడ కాస్త లెక్క వేయాలి. కంపెనీ నియమావళి మార్చడం వంటి పెద్ద పనులకు ప్రత్యేక తీర్మానం కావాలి. అనుకూలంగా పడిన ఓట్లు, వ్యతిరేకంగా పడినవాటికి కనీసం మూడింతలు ఉంటేనే అది నెగ్గుతుంది. 25 శాతానికి పైన వాటా ఉన్నవాడు కాదంటే తీర్మానం చచ్చినట్టే. 2024 మార్చిలో బీఏటీ మూడున్నర శాతం అమ్మి 25.5 దగ్గర ఆగింది. ఆ గీత దగ్గరే ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలుస్తుంది కదా. కానీ 2025 మేలో మరి కొంత అమ్మి సుమారు 22.9కి దిగింది.

"అయితే ఆపే శక్తి పోయినట్టేగా సార్?" అంది అమ్మాయి. కాగితం మీద వేయమన్నాను. వందలో పది షేర్ల వాళ్లు ఓటే వేయలేదనుకుందాం. పోలైనవి 90. అందులో బీఏటీ 22.9 వ్యతిరేకం, మిగతా 67.1 అనుకూలం. 22.9కి మూడింతలు 68.7. కాబట్టి తీర్మానం వీగిపోతుంది. అందరూ ఓటేస్తే 77.1 అనుకూలం, అప్పుడు నెగ్గుతుంది. ఖాయంగా ఉన్న హక్కు పోయి, ఎంతమంది ఓటేస్తారన్నదాని మీద ఆధారపడే బలం మిగిలింది. పైగా 2010 నిషేధం ఉన్నంతకాలం అమ్మిన వాటాను తిరిగి తెచ్చుకోవడం దానికి సులువు కాదు.

ఇక రంగం సంగతి. ఆమె మొదటి పేజీలోనే 'ఎఫ్ఎంసీజీ' అని రాసేసింది. ఎన్ఎస్ఈ వర్గీకరణలో ఉన్నది అదే, నిఫ్టీ ఎఫ్ఎంసీజీ సూచీలో ఐటీసీ ఉంది కూడా. ఆ ముద్ర తప్పని అనను. కానీ అంతటితో ఆగితే చదివేవాడికి ఆశీర్వాద్ గోధుమపిండి, సన్‌ఫీస్ట్ బిస్కెట్లే గుర్తొస్తాయి. వార్షిక నివేదికలో 'సెగ్మెంట్ రిపోర్టింగ్' అనే పట్టిక ఉంటుంది, విడివిడి వ్యాపారాల అమ్మకాలూ లాభాలూ అందులో వేరుగా ఉంటాయి. 2023-24 పట్టిక చూస్తే, పిండి, బిస్కెట్లు, సబ్బులు, నోటుపుస్తకాలు ఉన్న పద్దు అమ్మకాలు దాదాపు 21 వేల కోట్లు. లాభం మాత్రం రెండు వేల కోట్లు దాటలేదు. అమ్మకాల్లో సగం కూడా లేని సిగరెట్లు లాభంలో నాలుగింట మూడొంతులకు పైగా తెచ్చాయి. వ్యవసాయం అన్న పద్దులో కూడా పొగాకు ఆకు ఉంటుంది, అది మరువకూడదు. సారపాకలో గోదావరి ఒడ్డున 1979లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌గా మొదలై 2002లో ఐటీసీలో కలిసిపోయిన కాగితం మిల్లు ఇంకో పద్దు. హోటళ్లు 2025 జనవరిలో వేరే కంపెనీగా విడిపోయాయి, అందులో ఐటీసీ 40 శాతం అట్టిపెట్టుకుంది.

ఈ తేడా కాగితాల మీద మిగిలిపోయేది కాదు. 2017 జులై 17న జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్ల మీద సెస్సు పెంచింది. మర్నాడు ఐటీసీ షేరు ఒక్కరోజులో 12 శాతానికి పైగా పడింది. సబ్బులు, బిస్కెట్లు అమ్మే కంపెనీకి ఆ దెబ్బ తగలదు. మా అమ్మాయి ఐటీసీని హిందుస్థాన్ యూనిలీవర్, బ్రిటానియాల పక్కన పెట్టి లాభాల శాతాలు పోల్చి, 'మెరుగైన నిర్వహణ' అని తేల్చింది. ఆ మెరుగుదలలో ఎక్కువ భాగం సిగరెట్ పెట్టెదే. ఆ వాక్యం కొట్టేయమన్నాను, అరగంట వాదించి కొట్టేసింది.

నాలుగు పేజీలు ఆరయ్యాయి. ప్రమోటర్ల గడిలో ఈసారి సున్నా వేసి, దాని కింద మూడు విదేశీ పేర్లూ కూడి, చరిత్ర పేజీని దాని పక్కకు జరిపింది. పదికి ఎనిమిది ఇచ్చాను. రెండు మార్కులు ఎందుకు తగ్గించానంటే, ఎల్ఐసీ, ప్రభుత్వ వాటా కలిపితే బీఏటీ వాటాతో ఇంచుమించు సమానమని ఆమె ఆఖరుదాకా చూడలేదు. మీ దగ్గర ఏ కంపెనీ షేర్లున్నా, ఈసారి దాని షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ తెరిచినప్పుడు రెండో పట్టిక కూడా చదవండి.