రాత్రి 11 గంటల ఆకలి... సాయంత్రం 5కే మొదలవుతుంది!

రాత్రి పదకొండు దాటాక ఫ్రిజ్ తలుపు తీస్తాం. లోపల ఏముందో తెలుసు, అయినా తీస్తాం. చాక్లెట్ ముక్కో, మిగిలిన కేకో దొరికితే సరే. లేదంటే యాప్‌లో ఐస్‌క్రీమ్ ఆర్డర్. పొద్దున లేవగానే ‘ఇవాళ్టి నుంచి రాత్రిళ్లు ఏమీ ముట్టను’ అని ఒట్టు. రాత్రికి మళ్లీ అదే కథ.

దీన్ని చాలామంది మనసు గట్టిగా లేకపోవడం అనుకుంటారు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రాత్రి 11కి సర్వర్ పడిపోతే మేం కారణాన్ని ఆ ఒక్క నిమిషంలోనే వెతకం. లాగ్ తెరిచి, అంతకుముందు ఆరేడు గంటల్లో ఏం జరిగిందో చూస్తాం. రాత్రి తిండికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఫ్రిజ్ ముందు నిలబడి మనసుతో కుస్తీ పట్టడం కంటే, పగటి ప్లేటు సరిచేయడం చాలా తేలిక.

ఒంట్లో గడియారం ఏం చేస్తుంది?

ఫ్రాంక్ షీర్, స్టీవెన్ షియాల బృందం అమెరికాలో 12 మందిని ల్యాబ్‌లో ఉంచి చేసిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. బయట పగలో రాత్రో తెలియకుండా మసక వెలుతురులో ఉంచి, తిండి, నిద్ర వేళలను రోజంతటికీ సమానంగా పంచారు. అయినా ఆకలి ఉదయం 8 ప్రాంతంలో బాగా తక్కువగా, రాత్రి 8 ప్రాంతంలో బాగా ఎక్కువగా ఉంది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద కోరిక కూడా అదే తీరులో సాయంత్రానికి పెరిగింది.

అంటే పొద్దున్నే ఆకలి వేయకపోవడం, రాత్రి తీపి మీదకి మనసు పోవడం... రెండూ మన ఒంటి గడియారంలో ఉన్నవే. చిక్కల్లా ఎక్కడంటే, పొద్దున ఆకలి లేదని టిఫిన్ మానేస్తాం. పని ఒత్తిడిలో సాయంత్రం దాకా నెట్టుకొస్తాం. పగలు మిగిలిపోయిన లోటు, గడియారం సహజంగా పెంచే ఆకలి రెండూ రాత్రి ఒకేసారి మీద పడతాయి. అప్పుడు ‘వద్దు’ అనుకుంటే సరిపోదు.

మా రూమ్మేట్ లాగ్

హైదరాబాద్‌లో నాతో ఫ్లాట్‌లో ఉండే స్నేహితుడిదీ ఇదే సమస్య. వయసు 29, బరువు 70 కిలోలు. మధ్యాహ్నం 12.30 నుంచి రాత్రి 9.30 దాకా ఆఫీసు, మధ్యలో అమెరికా కాల్స్. ఒక వారం పాటు ఏం మార్చకుండా, తిన్నది, తిన్న టైమ్ మాత్రం ఫోన్‌లో రాయమన్నాను. ఏడు రాత్రుల్లో ఐదు రాత్రులు 11.30 తర్వాత తీపో మిక్స్చరో తిన్నాడు. ఆ ఐదూ ఆఫీసు రోజులే.

ఆఫీసు రోజు ఇలా ఉండేది. 9.30కి లేచి కాఫీ, రెండు బిస్కెట్లు. 1.30కి క్యాంటీన్‌లో ప్లేటు నిండా అన్నం, పల్చటి పప్పు ఓ గరిటె, రెండు చెంచాల బెండకాయ వేపుడు, రసం, కాస్త పెరుగు. 5.30కి టీ, మళ్లీ బిస్కెట్లు. 10.15కి ఇంటికొచ్చి కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన ఆలూ ఫ్రైతో అన్నం. భోజనానికీ భోజనానికీ మధ్య దాదాపు తొమ్మిది గంటలు!

ఇందులో ప్రొటీన్ ఎంతో లెక్కేశాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మావాడికి అది 58 గ్రాములు. ఇంటికి చేరేసరికి పడింది 20 గ్రాములు, అదీ ఎక్కువగా అన్నంలోదే. రాత్రి భోజనం కలిపినా 30 దగ్గరే ఆగింది. కడుపు నిండినట్టే ఉంటుంది కానీ ఎక్కువసేపు నిలవదు. పాలిష్ పట్టిన తెల్లన్నం, బిస్కెట్లు త్వరగా అరిగిపోతాయి. పప్పు, గుడ్డు, పీచున్న కూరలు నెమ్మదిగా కదులుతాయి, కాబట్టి ఆకలి ఆలస్యంగా తిరిగొస్తుంది.

వారానికి ఒక్క మార్పు

అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల పని జరిగిందో తెలియదు. అందుకే వారానికి ఒకటే మార్చాం.

*మొదటి వారం: టిఫిన్.* లేచిన గంటలోపు 20 గ్రాముల ప్రొటీన్ పడాలని పెట్టుకున్నాం. 60 గ్రాముల పెసలు నానబెడితే మూడు పెసరట్లు వస్తాయి, సుమారు 14 గ్రాములు. పక్కన ఉడికించిన గుడ్డు 6 గ్రాములు. ఎమ్మెల్యే పెసరట్టు కాదు, ఉప్మా లేని మామూలుదే. పిండి రెండు రోజులకి సరిపడా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. ‘నేను రోజూ ఇడ్లీ తింటున్నాగా’ అంటారేమో, నాలుగు ఇడ్లీలు కలిపినా ఏడెనిమిది గ్రాములే. చట్నీతో సరిపెట్టకుండా చిక్కటి సాంబారు, గుడ్డు తోడుండాలి.

అమెరికాలోని మిస్సోరీ యూనివర్సిటీలో హెదర్ లీడీ బృందం దీన్నే పరీక్షించింది. రోజూ టిఫిన్ మానేసే 20 మంది టీనేజీ అమ్మాయిలకి 35 గ్రాముల ప్రొటీన్‌తో టిఫిన్ పెడితే, సాయంత్రం పూట కొవ్వు ఎక్కువున్న చిరుతిళ్లు తగ్గాయి. 13 గ్రాములున్న మామూలు టిఫిన్‌తో ఆ ఫలితం రాలేదు. ఆ పరిశోధన 2013లో వచ్చింది. చిన్న అధ్యయనమే అయినా మాకు దారి చూపింది.

*రెండో వారం: మధ్యాహ్నం ప్లేటు.* అన్నం మానలేదు. మూడో వంతు తగ్గించి, ఆ చోటు చిక్కటి పప్పుకీ కూరకీ ఇచ్చాడు. క్యాంటీన్ పప్పు పల్చగా ఉండటంతో ఇంటి నుంచి ఓ డబ్బా ముద్దపప్పు పట్టుకెళ్లాడు. పెరుగు నిండు కప్పు. చివర్లో ఒక చిన్న పల్లీ పట్టి కూడా. తీపి పూర్తిగా మానేస్తే రోజంతా దాని మీదే ధ్యాస. భోజనం కాగానే తింటే కడుపు నిండి ఉంటుంది, ఒకటితో ఆగడం కష్టం కాదు. అదే పట్టీ రాత్రి 11.30కి తింటే ప్యాకెట్ మొత్తం అయిపోతుంది.

*మూడో వారం: 5.30 స్నాక్.* నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చిన్నప్పుడు బడి నుంచి రాగానే అమ్మ గుగ్గిళ్లు పెట్టేది గుర్తుందా? సరిగ్గా అదే. 40 గ్రాముల శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్‌లో ఉడికించి డబ్బాలో పెట్టుకెళ్లాలి. ఎనిమిది గ్రాముల ప్రొటీన్, బోలెడు పీచు. తోడుగా ఒక జామకాయ. టీ ఆ తర్వాతే. ఆకలి దంచేసేదాకా ఆగకుండా టైమ్‌కి తినేయాలి.

మావాడికి దెబ్బ తగిలింది కూడా ఇక్కడే. బుధవారం రిలీజ్ కాల్ 5 నుంచి 7 దాకా సాగింది. గుగ్గిళ్ల డబ్బా బ్యాగులోనే ఉండిపోయింది. ఆ రాత్రి 12కి ఫ్రిజ్‌లోని కేకు ఖాళీ! లాగ్‌లో ఆ వారం తీపి రాత్రులు రెండే, అందులో ఒకటి ఇదే. మర్నాడు క్యాలెండర్‌లో 5.15కి పదిహేను నిమిషాలు బ్లాక్ చేశాడు. డెస్క్ డ్రాయర్‌లో వేయించిన పల్లీల డబ్బా పెట్టాడు. కాల్ సాగినా ఓ గుప్పెడు నోట్లో పడతాయి.

*నాలుగో వారం: రాత్రి భోజనం.* 10.15కి ఇంట్లో తినేది కాస్తా, 8 గంటలకి ఆఫీసులోనే డబ్బా తెరిచాడు. రెండు పుల్కాలు, రెండు గుడ్ల కూర, కీరా ముక్కలు. ఇంటికొచ్చాక ఆకలైతే చిన్న గిన్నెడు పెరుగన్నం, ముందే అనుకున్నది కాబట్టి తప్పేమీ లేదు. బరువు తగ్గాలని ఒక్క పుల్కాతో సరిపెట్టకండి. 8కి మిగుల్చుకున్నది 11.30కి రెట్టింపై తిరిగొస్తుంది.

నాలుగో వారం లాగ్‌లో తీపి రాత్రి ఒక్కటే. అదీ శనివారం, పుట్టినరోజు కేకు. రోజుకి ప్రొటీన్ 60 గ్రాములు దాటింది. ఒట్లు పెట్టుకున్నది మాత్రం లేదు.

పెరుగన్నం పరీక్ష

రాత్రి ఏదైనా తినాలనిపిస్తే ఒక ప్రశ్న వేసుకోండి: ‘ఇప్పుడు పెరుగన్నం పెడితే తింటానా?’ తింటాననిపిస్తే అది నిజమైన ఆకలి. తినేసి పడుకోండి. మర్నాడు పగటి భోజనాల్లో ఏది తగ్గిందో వెతకండి. ‘ఛీ, పెరుగన్నమా? చాక్లెట్టే కావాలి’ అనిపిస్తే అది ఆకలి కాకపోవచ్చు. అలవాటో, అలసటో, నిద్ర లేమో అయ్యుంటుంది. ప్లేటు మార్చినా ఇది తగ్గదు.

నిద్ర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. షికాగో యూనివర్సిటీలో 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే ఆకలి పెరిగింది. ముఖ్యంగా తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద కోరిక ఎక్కువైంది. అది 2004లో వచ్చిన పరిశోధన. వెబ్ సిరీస్ కోసం 2 దాకా మేలుకుంటే, ఎన్ని గుగ్గిళ్లు తిన్నా రాత్రి ఒంటిగంటకి తీపి గుర్తొస్తుంది.

ఇది ఎవరికి సరిపోదు?

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా భోజన వేళలు మార్చొద్దు. రాత్రి చెమటలు పట్టి, వణుకుతో ఆకలేస్తే అది షుగర్ పడిపోవడం కావచ్చు. కిడ్నీ సమస్య ఉంటే ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్ మాట తీసుకోవాలి. విపరీతమైన ఆకలికి తోడు దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే రక్త పరీక్ష చేయించుకోండి. నిద్రలోంచి లేచి మరీ తింటున్నా, మొదలుపెడితే ఆపుకోలేకపోతున్నా అది టైమ్ టేబుల్‌తో తీరేది కాదు. మానసిక వైద్య నిపుణుల్ని కలవాలి.

మిగతావాళ్లు ఈ రాత్రి నుంచే ఫోన్ నోట్స్‌లో మూడు విషయాలు రాయడం మొదలుపెట్టండి: ఏం తిన్నాను, ఎన్నింటికి, అంతకుముందు తిని ఎన్ని గంటలైంది. వారం తర్వాత చదివితే, ఫ్రిజ్ తలుపు తీసిన రోజుల్లో పగలు ఎక్కడ ఖాళీ ఉందో తేలిపోతుంది. ముందు ఆ ఒక్క ఖాళీనే పూడ్చండి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, 5.30 గుగ్గిళ్లతో మొదలుపెట్టండి.