ఏసీ బోగీ అద్దంలోంచి గోదావరి

సెలవులైపోయి హాస్టల్‌కి తిరిగొచ్చే వారంలో మన వాట్సాప్ గ్రూపుల్లో గోదావరి బ్రిడ్జి ఫోటోలు నాలుగైనా పడతాయి. స్లీపర్‌లో వచ్చినవాళ్ల ఫోటోల్లో గోదావరి ఉంటుంది. ఏసీలో వచ్చినవాళ్ల ఫోటోల్లో ముందు ట్యూబ్‌లైటు, దాని కింద ఎదురు బెర్తు అంకుల్ తెల్ల చొక్కా, ఫోను పట్టుకున్న చెయ్యి, వీటన్నిటి వెనకాల ఎక్కడో గోదావరి ఉంటుంది. టిక్కెట్టుకి ఎక్కువ డబ్బులిచ్చి మరీ అద్దం కొనుక్కున్నట్టు. తలుపు తీసి మెట్ల దగ్గర నిలబడి తీయడం దీనికి పరిష్కారం కాదు, ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం. అద్దం ఉండగానే తీయొచ్చు. కాకపోతే అద్దం ఏం చేస్తోందో, కెమెరా ఏం చేస్తోందో విడివిడిగా తెలియాలి.

ముందు అద్దం సంగతి. మామూలు గాజు మీద ఎదురుగా పడిన వెలుగులో, ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. ఏసీ బోగీ కిటికీకి రెండు అద్దాలు, మధ్యలో ఖాళీ. అంటే మొత్తం నాలుగు ఉపరితలాలు. అన్నీ కలిపి దాదాపు 15 శాతం దాకా వెలుగు మన మొహం మీదకే తిరిగొస్తుంది. బోగీలో లైటు ఒక్కటే వెలుగుతున్నా అద్దంలో రెండు మూడు గీతలు కాస్త పక్కపక్కన కనిపించేది అందుకే.

ఈ 15 శాతం పగలైనా రాత్రయినా మారదు. మరి మధ్యాహ్నం లేని ప్రతిబింబం సాయంత్రం ఎక్కణ్ణుంచి ఊడిపడుతోంది? లెక్కేసి చూద్దాం. బోగీలో వెలుగు 150 లక్స్ అనుకుందాం. తెల్ల చొక్కా అందులో 80 శాతాన్ని తిప్పి పంపితే 120. అందులో అద్దం నుంచి కెమెరాకి తిరిగొచ్చేది 15 శాతం, అంటే 18. బయట మిట్టమధ్యాహ్నం 50,000 లక్స్ ఎండ ఉందనుకోండి. ఇసుక తిన్నెలు, ఒడ్డు కలిపి అందులో 20 శాతం మన వైపు పంపిస్తే 10,000. రంగు అద్దం సగం మింగేస్తే మిగిలేది 5,000. అయిదు వేల ముందు పద్దెనిమిది కనబడదు. అదే సూర్యుడు మునిగిన కాసేపటికి బయట 200 లక్సే ఉందనుకోండి. ఇరవై శాతం 40, అద్దం దాటాక 20. ఇప్పుడు గోదావరి 20, అంకుల్ చొక్కా 18. ఇద్దరూ సమానంగా ఫోటోలో పడతారు. ఇంకో పది నిమిషాలకి చొక్కాయే గెలుస్తుంది, కిటికీ కాస్తా అద్దాల బీరువా అయిపోతుంది.

లెక్కలో మనం వేసుకున్న అంకెలు అటూ ఇటూ అయినా విషయం మారదు. బయటి 20ని పెంచడం మన చేతిలో లేదు, ఇవతలి 18ని తగ్గించడం మాత్రమే ఉంది. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచితే పోతుంది కదా అంటారు. పోదు. గోదావరి, చొక్కా రెండూ ఒకే పిక్సెల్‌లో కలిసిపోయాక ఏది పెంచినా రెండూ పెరుగుతాయి.

ఇవతలి వెలుగు తగ్గించాలంటే బోగీ అంతా చీకటి చెయ్యనక్కర్లేదు. లెన్సు అద్దంలో ఏ ముక్కలోంచి చూస్తోందో ఆ ముక్కలో ఏం ప్రతిబింబిస్తోందో అదొక్కటే ముఖ్యం. ఫోను మెయిన్ కెమెరా, అడ్డంగా పట్టుకుంటే, అద్దానికి ఎంత దూరంలో ఉందో దానికి సుమారు ఒకటిన్నర రెట్ల వెడల్పున్న ముక్కలోంచి చూస్తుంది. 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ ముక్క 40 సెంటీమీటర్లు దాటుతుంది, లైట్లూ బెర్తులూ అన్నీ అందులో పడతాయి. ఒక సెంటీమీటరు దూరంలో ఉంటే ముక్క ఒకటిన్నర సెంటీమీటరే. దాన్ని ఫోనే తన నీడతో కప్పేస్తుంది. కాబట్టి మొదటి పని, ఫోనుని అద్దానికి ఆనించడం.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆనించినా లెన్సు అద్దానికి పూర్తిగా అతుక్కోదు, సన్న సందు మిగులుతుంది. అందులోంచి వెలుగు దూరుతుంది. పైగా అద్దాన్ని గట్టిగా నొక్కితే బోగీ అదురంతా ఫోనులోకి వస్తుంది. దీనికి నేను చూసినవాటిలో అన్నిటికన్నా చవకైన మందు జుట్టుకి పెట్టుకునే లావుపాటి నల్ల రబ్బరు బ్యాండు, పైన గుడ్డ చుట్టి ఉంటుందే, అది. దాన్ని కెమెరా బుడిపె చుట్టూ తొడిగి అద్దానికి మెల్లగా ఆనిస్తే సందు మూసుకుంటుంది, అదురు కాస్త తగ్గుతుంది, ఫోనుని కొంచెం పక్కకి వంచుకునే వీలూ ఉంటుంది. ఫ్రేములో మూలలు నల్లగా వస్తున్నాయంటే బ్యాండు ముందుకి జరిగిందని అర్థం. బ్యాండు లేకపోతే నల్ల చొక్కానో ముదురు రంగు చున్నీనో తల మీదుగా కిటికీ దాకా కప్పుకోండి, పాతకాలం స్టూడియో ఫోటోగ్రాఫర్ లాగా. జనం చూస్తారు, చూడనివ్వండి. పై లెక్కలో ఇవతలి వెలుగు 150 నుంచి 5కి పడితే ప్రతిబింబం 18 నుంచి 0.6కి పడిపోతుంది. గోదావరి 20 అలాగే ఉంటుంది. ఫోను కవరు తెల్లగానో తళుకులతోనో ఉంటే మాత్రం తీసెయ్యండి, సందులో అదే ప్రతిబింబిస్తుంది. ఫ్లాష్ ఆటోలో ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే ఫోటో మధ్యలో తెల్ల మచ్చ తప్ప ఏమీ రాదు.

ఆనించడం వల్ల ఇంకో లాభం, మురికి. లోపలి వైపు కర్చీఫుతో తుడవచ్చు గానీ బయటి దుమ్ము, ఎండిపోయిన వాన మరకలు మన చేతికందవు. ఫోను లెన్సులో వెలుగు దూరే కన్నం సుమారు మూడు మిల్లీమీటర్లే. ఒక మిల్లీమీటరు దుమ్ము రేణువు లెన్సుకి బాగా దగ్గరగా ఉంటే ఫోటోలో మచ్చగా కనిపించదు, పూర్తిగా చెదిరిపోయి కాంట్రాస్ట్‌ని కొంచెం తగ్గిస్తుందంతే. అదే రేణువు పదిహేను సెంటీమీటర్ల అవతల ఉంటే స్పష్టంగా మచ్చే. అయితే అయిదారు మిల్లీమీటర్ల మరక మీద సరిగ్గా లెన్సు పెడితే కన్నమంతా మూసుకుపోతుంది, కాబట్టి కొంచెం శుభ్రంగా ఉన్న చోటు వెతుక్కోవాలి. రెండు అద్దాల మధ్యన తేమ పట్టి తెల్లగా ఉంటే ఆ కిటికీని వదిలేసి ఇంకో కిటికీ దగ్గరకి పోవడమే.

ఇప్పుడు కెమెరా సంగతి. ఆటోఫోకస్‌కి గోదావరి అంటే ఏంటో తెలీదు. అంచులు ఎక్కడ పదునుగా ఉంటే అక్కడ ఆగుతుంది. సాయంత్రం నది మీద అంచులేం ఉంటాయి? బూడిద రంగు నీళ్లు, బూడిద రంగు ఆకాశం. అద్దం మీదేమో గీతలు, మరకలు, వాన చినుకులు, అన్నీ పదునైన అంచులే. లెన్సు ముందుకీ వెనక్కీ కదులుతూ చివరికి చినుకు మీద స్థిరపడుతుంది. కొన్ని ఫోన్లలో దూరం కొలవడానికి కంటికి కనబడని పరారుణ కాంతిని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని చూసే సెన్సర్ ఉంటుంది. ఆ కాంతిలో కొంత అద్దం దగ్గరే వెనక్కి తిరుగుతుంది, వస్తువు రెండు సెంటీమీటర్ల దూరంలోనే ఉందని ఫోను నమ్మే ప్రమాదం ఉంది. దగ్గరి వస్తువు కనబడగానే తనంతట తానే మాక్రోకి మారిపోయే ఫోన్లు ఇంకో తలనొప్పి. అద్దానికి ఆనించగానే ఫ్రేము గెంతినట్టు మారితే అదే జరిగిందన్నమాట. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపెయ్యాలి.

ఎవరు తప్పుదారి పట్టించినా మందు ఒకటే, ఫోకస్‌ని ముందే దూరం మీద కట్టెయ్యడం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రో మోడ్ ఉంటే `MF` లోకి వెళ్లి, స్లైడర్‌ని కొండ బొమ్మ ఉన్న చివరికి జరపండి. కొన్ని ఫోన్లలో ఆ చివర అనంతాన్ని కొద్దిగా దాటి పోతుంది, అందుకని దూరపు లైటు స్తంభాన్నో టవర్‌నో జూమ్ చేసి చూసి ఒక్క పిసరు వెనక్కి తెచ్చుకోవాలి. ఐఫోన్‌లో అయితే దూరంగా ఉన్న చెట్ల మీద వేలు అలాగే నొక్కి ఉంచితే పైన `AE/AF LOCK` అని వస్తుంది. అది వెలుగుని కూడా కట్టేస్తుంది కాబట్టి ఆకాశం బాగా మారిపోతే మళ్లీ పెట్టుకోవాలి.

ఇదంతా ఎప్పుడు చెయ్యాలంటే, విశాఖ వైపు నుంచి వస్తుంటే రాజమండ్రి స్టేషన్‌లో బండి ఆగినప్పుడే. 1997లో వచ్చిన ఆర్చి బ్రిడ్జి పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతే మొత్తం రెండు నిమిషాల నలభై సెకన్లు. బ్రిడ్జి మీదకి వచ్చాక సెట్టింగ్స్ వెతుక్కుంటే కొవ్వూరు వచ్చేస్తుంది. ఆ వేగంలో బండి సెకనుకి 16 మీటర్ల పైన కదులుతుంది. షట్టర్ 1/500 పెడితే ఆ కాసేపట్లో మూడు సెంటీమీటర్లు. పక్కనే పోయే ఆర్చి కడ్డీలు కొంచెం చెరుగుతాయి, దూరంగా ఉన్న పడవలకి, అవతలి ఒడ్డుకి ఆ తేడా తెలీదు. చీకటి పడుతోందని నైట్ మోడ్‌కి పోకండి. అది చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది, ప్రతి ఫ్రేములోనూ కడ్డీ వేరే చోట ఉంటుంది, ఫోటోలో దెయ్యం కడ్డీలు వస్తాయి. దానికన్నా `ISO` పెంచి కొంచెం గరుకుదనం భరించడం మేలని నా అభిప్రాయం. కడ్డీలు పక్కకి వాలినట్టు వస్తే కంగారు పడకండి, సెన్సర్ ఫ్రేముని ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వరసగా చదవడం వల్ల అలా వస్తుంది.

పోలరైజర్ ఫిల్టర్ కొంటే సరిపోదా అని సీనియర్లు అడుగుతుంటారు. గాజు మీద అది బాగా పనిచేసేది, అద్దానికి లంబంగా గీసిన గీత నుంచి 56 డిగ్రీల కోణంలో చూసినప్పుడు. ఎదురుగా చూస్తే దాదాపు పనిచెయ్యదు. పైగా ఉన్న కొద్దిపాటి వెలుగులో సగానికి పైగా తినేస్తుంది. గట్టిపరచిన అద్దాల్లో బిగిసి ఉన్న ఒత్తిడిని ఇంద్రధనుస్సు మచ్చలుగా బయటపెడుతుంది కూడా. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఫోటోఎలాస్టిసిటీ బొమ్మలు చూశాం కదా, అవే.

అక్వేరియంలో పరిస్థితి మనకి అనుకూలం. విశాఖ బీచ్‌లోని మత్స్యదర్శిని లాంటి చోట వెలుగంతా తొట్టిలో ఉంటుంది, మనం చీకటి వైపు ఉంటాం. అక్కడ వచ్చే ప్రతిబింబాలు ఎక్కువగా మన వెనక ఉన్న తొట్టివి, పక్కవాళ్ల ఫోను స్క్రీన్లవి. అదే నల్ల బ్యాండు చాలు. కానీ రైల్లో లేని నియమం ఒకటి ఇక్కడుంది. ఫోనుని వంచకూడదు, అద్దానికి సూటిగానే పెట్టాలి. నీళ్లలోంచి గాలిలోకి ఏటవాలుగా వచ్చే కాంతిలో ఒక్కో రంగు ఒక్కో మేరకు వంగుతుంది, దాంతో చేప అంచున నీలం, ఎరుపు చారలు వస్తాయి, బొమ్మ మెత్తబడుతుంది. ఇక్కడ అనంతం మీద ఫోకస్ కట్టడం కూడా కుదరదు, చేప దగ్గరే ఉంటుంది. తొట్టి మధ్యలో ఉన్న రాయి మీదో మొక్క మీదో ఫోకస్ కట్టేసి, చేప ఆ వరసలోకి వచ్చేదాకా ఆగాలి. నీళ్లలో రాయి నిజంగా ఉన్నదానికన్నా దగ్గరగా, దాదాపు ముప్పావు దూరంలో కనిపిస్తుంది. కెమెరా కూడా కనిపించే దూరానికే ఫోకస్ చేస్తుంది కాబట్టి మనం సర్దాల్సిందేమీ లేదు. చేపలు చాలావరకు ఒకే దారిలో తిరుగుతుంటాయి. రెండు చుట్లు చూస్తే మూడో చుట్టు ఎటు నుంచి వస్తుందో తెలిసిపోతుంది.