ఫొటోలో కామా, కాగితం మీద కామా

వర్క్‌షీట్‌ని ఫోన్‌తో ఫొటో తీస్తే అన్నిటికంటే ముందు పాడయ్యేది ఫుల్‌స్టాప్. అక్షరం కాస్త మసకబారినా పోల్చుకోగలం. ఫుల్‌స్టాప్ అలా కాదు. చెయ్యి కదిలితే సాగిపోయి కామాలా కనిపిస్తుంది, నీడ పడితే మాయమవుతుంది, కాగితం మీద నలుసుంటే లేనిచోట పుట్టుకొస్తుంది. స్కాన్ యాప్‌లో తెల్లగా వచ్చే ఫిల్టర్ పెడితే, ఆ యాప్ చుక్కల్ని మరకలనుకుని తుడిచేయడమూ ఉంది.

ఇంగ్లిష్ వర్క్‌బుక్‌లోని పేరాని ఫొటో తీసి ట్యూషన్ మాస్టారికో, హాస్టల్లో చదువుకుంటున్న అక్కకో వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు మన ఇళ్లలో మామూలే. 'కామాలు, అపాస్ట్రఫీలు, ఫుల్‌స్టాప్‌లు సరిచేసి పెట్టండి' అని కింద ఓ మాట ఉంటుంది. అటునుంచి సరిచేసిన పేరా వస్తుంది, పిల్ల దాన్ని నోట్సులో ఎక్కిస్తుంది, వచ్చే వారం అవే తప్పులు మళ్లీ చేస్తుంది. పేరా మొత్తం తిరగరాసి పంపడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ప్రతి మార్పుకీ ఒక కారణం చెప్పాలి. ఆ కారణం కూడా పిల్ల తనంతట తాను మరో వాక్యం మీద పెట్టి చూసుకోగలిగేలా ఉండాలి. 'రూల్ అంతే' అంటే అది కారణం కాదు.

ఎనిమిదో తరగతి స్థాయి పేరా ఒకటి తీసుకుందాం. చదవడానికి వీలుగా ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు లిపిలో ఇస్తున్నాను. గుర్తులు మాత్రం ఫొటోలో కనిపించినట్టే ఉన్నాయి.

'మై సిస్టర్స్ స్కూల్ క్లోజ్డ్ ఎర్లీ, ఇట్ వాజ్ రెయినింగ్. హర్ బ్యాగ్ వాజ్ ఫుల్ ఆఫ్ బుక్స్ పెన్స్ అండ్ వెట్ సాక్స్. ద మ్యాన్ హూ డ్రైవ్స్ అవర్ ఆటో, టోల్డ్ హర్ టు వెయిట్. వెన్ షి రీచ్డ్ హోమ్ అవర్ డాగ్, విచ్ వాజ్ వెట్ టూ వ్యాగ్డ్ ఇట్'స్ టెయిల్. షి డిడ్న్ట్ స్మైల్'

దిద్దే ముందు ఫొటోని పెద్దది చేసి చూడాలి. మొదటి పంక్తిలో 'ఎర్లీ' తర్వాత ఉన్నది నిజంగా కామానేనా, సాగిపోయిన ఫుల్‌స్టాపా? దీన్ని తేల్చడానికి రెండు ఆనవాళ్లున్నాయి. అక్షరాలు నిలబడే గీత ఒకటి ఊహించుకోండి. ఫుల్‌స్టాప్ ఆ గీత మీదే కూర్చుంటుంది, కామా తోక గీత కిందికి దిగుతుంది. మసక వల్ల సాగిన చుక్కయితే పక్కనున్న అక్షరాలన్నీ అదే దిక్కుకి సాగి ఉంటాయి. రెండో ఆనవాలు తర్వాతి అక్షరం. ఫుల్‌స్టాప్ తర్వాత క్యాపిటల్ రావాలి. ఇక్కడ 'ఇట్'లోని మొదటి అక్షరం చిన్నదే, చుట్టుపక్కల అక్షరాలూ నిటారుగా ఉన్నాయి. కాబట్టి కాగితం మీదున్నది కామానే. మన లిపిలో క్యాపిటల్ అనేదే లేదు కనుక పిల్లలు ఈ రెండో ఆనవాలును పట్టించుకోరు. చెప్పి చూపించాలి.

ఇక మార్పులు. మొదటిది 'సిస్టర్స్ స్కూల్'. బడి చెల్లెలిది కాబట్టి అపాస్ట్రఫీ కావాలని చాలామంది పిల్లలకు తెలుసు. ఎక్కడ పెట్టాలన్నదే తకరారు. ఒక్క చెల్లెలైతే ఎస్‌కి ముందు: 'సిస్టర్'స్'. ఇద్దరు ముగ్గురున్నారంటే ఎస్ తర్వాత: 'సిస్టర్స్''. చెవికి రెండూ ఒకటే, కాబట్టి పలికి చూసుకుంటే లాభం లేదు. సాక్ష్యం పేరాలోనే వెతకాలి. తర్వాతి వాక్యం 'హర్ బ్యాగ్' అంటోంది, అంటే ఒక్క చెల్లెలే. ఆ వాక్యం 'దెయిర్ బ్యాగ్స్' అని ఉంటే ఇదే అపాస్ట్రఫీ అటువైపుకి జరిగేది. పిల్లకి పంపే వివరణ ఇలా ఉంటే సరిపోతుంది: 'బడి ఎవరిది? చెల్లెలిది. ఎంతమంది చెల్లెళ్లు? హర్ అన్నారు కాబట్టి ఒక్కరే. అందుకే ఎస్‌కి ముందు పెట్టాం.'

రెండోది 'ఎర్లీ' తర్వాతి కామా. అటు 'స్కూల్ క్లోజ్డ్ ఎర్లీ' ఒక పూర్తి వాక్యం, ఇటు 'ఇట్ వాజ్ రెయినింగ్' మరో పూర్తి వాక్యం. ఇంగ్లిష్‌లో రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతికిస్తే తప్పుగా లెక్కగడతారు. తెలుగు పిల్లలు ఈ తప్పు ఎక్కువగా చేయడానికి ఒక కారణం ఉంది. 'బడి తొందరగా వదిలేశారు, వాన పడుతోంది' అని మనం రాస్తే ఎవరికీ తప్పనిపించదు. తెలుగు కామా ఆ బరువు మోస్తుంది, ఇంగ్లిష్ కామా మోయదు. పరీక్ష సులువే. కామాకి అటు ముక్కనీ ఇటు ముక్కనీ విడివిడిగా చదవాలి. రెండూ సొంతంగా నిలబడితే కామా చాలదు. ఇక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి 'ఇట్'ని క్యాపిటల్‌తో మొదలుపెట్టాలి. సెమీకోలన్ పెట్టినా ఒప్పే. 'బికాజ్' చేర్చినా వాక్యం బాగుంటుంది కానీ, అభ్యాసం గుర్తులు మాత్రమే మార్చమంది. కొత్త మాట చేర్చితే అది మరో అభ్యాసం అవుతుంది.

'బుక్స్' తర్వాత కామా పెట్టడం మూడో మార్పు. వరసగా చెప్పే వస్తువుల మధ్య కామా ఉండాలి, దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. 'పెన్స్' తర్వాత, 'అండ్'కి ముందు కూడా పెట్టాలా అని మాత్రం పిల్లలు తప్పకుండా అడుగుతారు. పెట్టినా తప్పు కాదు, పెట్టకపోయినా తప్పు కాదు. దాన్ని ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. పిల్ల చదివే పుస్తకం ఏ పద్ధతి పాటిస్తే అదే పాటించమనడం మేలు. కాకపోతే అది లేక అర్థం తడబడే చోటు వస్తే పెట్టాల్సిందే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ కోసం వేసిన కేసు ఇలాంటి కామా మీదే నడిచింది. ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితాలో 'రవాణాకి ప్యాక్ చేయడం లేక పంపిణీ' అనే అర్థమొచ్చే ముక్క ఉంది, 'లేక'కి ముందు కామా లేదు. ప్యాకింగ్ ఒక పని, పంపిణీ వేరే పని అని కంపెనీ వాదన. ప్యాకింగ్ ఒక్కటే పని, అది రవాణాకైనా పంపిణీకైనా అని డ్రైవర్ల వాదన. వాళ్లు సరుకు పంపిణీ చేస్తారు తప్ప ప్యాక్ చేయరు. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం అస్పష్టంగా ఉందంటూ డ్రైవర్ల వైపు తీర్పిచ్చింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీకి వచ్చింది.

ఈ పేరాలో అసలైన పాఠం మూడో వాక్యంలోనూ నాలుగో వాక్యంలోనూ ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పాలి. మూడో వాక్యంలో 'ఆటో' తర్వాత కామా ఉంది, తీసేయాలి. నాలుగో వాక్యంలో 'డాగ్' తర్వాత కామా ఉంది, దానికి జతగా 'టూ' తర్వాత మరొకటి పెట్టాలి. ఒకచోట తీసి ఇంకోచోట చేర్చడమేమిటని పిల్లకి అయోమయంగా ఉంటుంది. 'ఊపిరి తీసుకునే చోట కామా పెట్టు' అని చిన్నప్పుడు నేర్పిన సూత్రం ఇక్కడే దెబ్బతీస్తుంది. పొడుగాటి కర్త చదివాక ఎవరికైనా గొంతు ఆగుతుంది. ఆ ఆగడం చెవికి సంబంధించినది, వాక్య నిర్మాణానికి కాదు.

వేలితో పరీక్షించమనండి. 'హూ డ్రైవ్స్ అవర్ ఆటో' మీద వేలు పెట్టి మూసేస్తే మిగిలేది 'ద మ్యాన్ టోల్డ్ హర్ టు వెయిట్'. ఏ మనిషి? తెలియదు. అంటే మూసేసిన ముక్కే ఆ మనిషెవరో చెబుతోంది, దాన్ని మనిషి నుంచి కామాతో విడదీయకూడదు. ఇప్పుడు 'విచ్ వాజ్ వెట్ టూ' మూసేయండి. 'అవర్ డాగ్ వ్యాగ్డ్ ఇట్స్ టెయిల్' మిగులుతుంది. ఏ కుక్క? మా కుక్కే, ఇంట్లో ఉన్నది అదొక్కటే. తడిసిందన్నది పైన చేర్చిన సమాచారం. అలాంటి ముక్కకి అటూ ఇటూ రెండు కామాలుండాలి. ఒక్కటే పెడితే ఆ ముక్క ఎక్కడ మొదలైందో తెలుస్తుంది గానీ ఎక్కడ ముగిసిందో తెలియదు. ఇంట్లో రెండు కుక్కలుండి, తడిసిన కుక్కే తోకాడించిందని చెప్పాలనుకుంటే మాత్రం రెండు కామాలూ పోతాయి. గుర్తు మారితే కుక్కల లెక్క మారుతుంది. పిల్లలు ఇది విన్నాక మరిచిపోరు. తెలుగులో 'మా ఆటో నడిపే ఆయన', 'తడిసిన మా కుక్క' అని ఆ ముక్క ముందే వచ్చేస్తుంది, అందుకే ఈ తేడా మనకు సహజంగా తట్టదు.

అదే వాక్యంలో 'హోమ్' తర్వాత కామా లేదు. 'వెన్'తో మొదలైన ముక్క అక్కడ ముగిసింది. కామా లేకపోతే కన్ను ఆగకుండా 'హోమ్ అవర్ డాగ్' అని ఒకే ఊపున చదివేసి వెనక్కి రావాల్సి వస్తుంది. ఇదే ముక్క వాక్యం చివర ఉంటే సాధారణంగా కామా అక్కర్లేదు.

అపాస్ట్రఫీలు ఇంకో రెండు. 'ఇట్'స్ టెయిల్'లో తీసేయాలి, 'డిడ్న్ట్'లో పెట్టాలి. రెండింటికీ పరీక్ష ఒక్కటే, విప్పి చదవడం. 'ఇట్'స్'ని విప్పితే 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హాజ్' అవుతుంది. 'వ్యాగ్డ్ ఇట్ ఈజ్ టెయిల్' అంటే అర్థం లేదు, కనుక అపాస్ట్రఫీ పోవాలి. 'డిడ్న్'ట్'ని విప్పితే 'డిడ్ నాట్'. 'నాట్'లోంచి ఓ అనే అక్షరం జారిపోయింది, అది పోయిన చోటే అపాస్ట్రఫీ కూర్చుంటుంది. డి తర్వాత పెట్టే పిల్లలున్నారు, వాళ్లకి జారిపోయిన అక్షరాన్ని వేలితో చూపించండి. 'చెల్లెలి బడి'కి అపాస్ట్రఫీ పెట్టి, 'దాని తోక'కి వద్దనడమేమిటని అడిగితే సమాధానం ఉంది. 'హిజ్', 'హర్' వంటి సర్వనామాలకు అపాస్ట్రఫీ ఉండదు. 'ఇట్స్' ఆ కుటుంబంలోదే.

దిద్దేటప్పుడు ఫొటో మీద కొత్త గుర్తులు గీయకండి. ఎర్ర రంగుతో పెట్టిన కామా చిన్న స్క్రీన్ మీద అసలు కామాతో కలిసిపోతుంది. మార్పు జరిగిన చోట సున్నా చుట్టి అంకె వేయండి. ఆ అంకె కింద ఒక్కో వాక్యంలో కారణం తెలుగులోనే రాయండి.

చివరగా 'స్మైల్' తర్వాత ఫుల్‌స్టాప్ లేదు. పిల్ల మరిచిపోయిందని ఎనిమిది మార్పుల పక్కన తొమ్మిదోది రాసేయబుద్ధవుతుంది. కానీ ఆ మాట ఫొటో కుడి అంచుకి ఆనుకుని ఉంది. కాగితం అక్కడితో అయిపోయిందో, ఫొటోలో తెగిపోయిందో తెలియదు. అలాంటప్పుడు తప్పు వేయకండి. కాగితాన్ని కిటికీ దగ్గర బల్ల మీద పరిచి, నాలుగు అంచులూ కనిపించేలా నిటారుగా పైనుంచి మళ్లీ తీయమనండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆ రెండో ఫొటో వచ్చాకే తొమ్మిదో అంకె వేయండి.