చుక్క ఎన్ని అడుగులు కదిలింది, బాణం ఎంత తిరిగింది?

వరుసగా కొన్ని చతురస్రాలు ఉంటాయి. ఒక్కో చతురస్రంలో ఒక చుక్క, ఒక బాణం గుర్తు. ఒక పటం నుంచి తర్వాతి పటానికి వచ్చేసరికి చుక్క చోటు మారుతుంది, బాణం దిక్కు మారుతుంది. చివర ఒక చతురస్రం ఖాళీగా, ప్రశ్నార్థకంతో ఉంటుంది. అక్కడ రావలసిన పటం ఏదో కింద ఇచ్చిన జవాబు పటాల నుంచి ఎంచుకోవాలి. జవహర్ నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష మొదలుకొని ఉద్యోగాల పోటీ పరీక్షల్లోని రీజనింగ్ విభాగం దాకా ఈ తరహా ప్రశ్నలు కనిపిస్తాయి. చదవడానికి ఒక్క వాక్యం కూడా ఉండదు కాబట్టి చాలామంది వీటిని చూపుతోనే తేల్చేయాలనుకుంటారు. నిజానికి ఇవి కూడిక, తీసివేతల లెక్కలు. చూపుతో వదిలేసినవాటిని అంకెల్లోకి మార్చుకుంటే సందేహానికి చోటు చాలా తగ్గిపోతుంది.

అంకెల్లోకి మార్చడానికి ముందు చుక్క నిలబడే చోట్లు ఎన్నో చూసుకోవాలి. ఎక్కువ ప్రశ్నల్లో చుక్క చతురస్రం అంచు వెంబడే తిరుగుతుంది. నాలుగు మూలలు, నాలుగు భుజాల మధ్యలు, మొత్తం 8 చోట్లు. ఎడమ పై మూలకు 1, పై భుజం మధ్యకు 2, కుడి పై మూలకు 3, కుడి భుజం మధ్యకు 4, కుడి కింది మూలకు 5, కింది భుజం మధ్యకు 6, ఎడమ కింది మూలకు 7, ఎడమ భుజం మధ్యకు 8 అని పేరు పెట్టుకోవాలి. ఇలా గడియారం ముల్లు తిరిగే వైపుగా, అంటే సవ్యదిశలో అంకెలు వేసుకుంటే చుక్క సవ్యదిశలో కదిలినప్పుడు కూడాలి, అపసవ్యదిశలో కదిలినప్పుడు తీసివేయాలి. మొత్తం 8 దాటితే అందులోంచి 8 తీసేయాలి, సున్నా గానీ అంతకు తక్కువ గానీ వస్తే 8 కలపాలి. చుక్క మూలల్లో మాత్రమే కనిపిస్తే 4 చోట్లు చాలు. చతురస్రాన్ని 9 చిన్న గడులుగా విడగొట్టి ఉంటే గడులకే అంకెలు వేసుకోవాలి. అప్పుడు చుక్క మొదటి వరుసలో ఎడమ నుంచి కుడికి వెళ్లి, రెండో వరుసలో కుడి నుంచి ఎడమకు తిరిగి వచ్చే అవకాశాన్నీ గుర్తుంచుకోవాలి.

బాణానికి కూడా 8 దిక్కులే. పైకి, కుడి పైకి, కుడికి, కుడి కిందికి, కిందికి, ఎడమ కిందికి, ఎడమకు, ఎడమ పైకి. పక్కపక్క దిక్కుల మధ్య కోణం 45 డిగ్రీలు. కాబట్టి 90 డిగ్రీలు తిరిగితే రెండు మెట్లు, 135 డిగ్రీలు తిరిగితే మూడు మెట్లు. డిగ్రీల కంటే మెట్లు లెక్కపెట్టుకోవడమే తేలిక, తప్పులూ తక్కువ.

నాలుగు పటాలు ఇచ్చి ఐదోది అడిగిన ఒక వరుసను తీసుకుందాం. మొదటి పటంలో నిండు చుక్క ఎడమ పై మూలలో ఉంది, మధ్యలోని బాణం పైకి చూస్తోంది. రెండో పటంలో చుక్క పై భుజం మధ్యకు వచ్చింది, లోపల ఖాళీగా ఉన్న చిన్న వృత్తంగా మారింది. బాణం ఎడమ కిందికి చూస్తోంది. మూడో పటంలో చుక్క మళ్లీ నిండుగా, కుడి భుజం మధ్యన ఉంది. బాణం కుడికి తిరిగింది. నాలుగో పటంలో ఖాళీ చుక్క ఎడమ కింది మూలలో ఉంది. బాణం ఎడమ పైకి చూస్తోంది.

ఇక్కడ మారుతున్నవి మూడు. చుక్క చోటు, చుక్క రంగు, బాణం దిక్కు. మూడింటినీ ఒకేసారి చూడబోతే ఏదీ పట్టుబడదు. ఒకదాన్ని వరుస చివరిదాకా చూశాకే రెండోదానికి వెళ్లాలి.

ముందు చుక్క చోటు. అంకెల్లో రాస్తే 1, 2, 4, 7. మార్పులు వరుసగా 1, 2, 3. ప్రతిసారీ ఒక అడుగు పెరుగుతోంది కనుక తర్వాతి మార్పు 4. 7కు 4 కలిపితే 11, అందులోంచి 8 తీసేస్తే 3. అంటే చుక్క కుడి పై మూలకు రావాలి. రంగు సంగతి సులువు. నిండు, ఖాళీ, నిండు, ఖాళీ అని మారుతోంది కనుక ఐదోసారి నిండు చుక్క. ఇక బాణం. పైకి ఉన్నది ఎడమ కిందికి రావాలంటే అపసవ్యదిశలో ఎడమ పైకి, ఎడమకు, ఎడమ కిందికి అని మూడు మెట్లు తిరగాలి. అక్కడి నుంచి కిందికి, కుడి కిందికి, కుడికి మళ్లీ మూడు మెట్లు. కుడి నుంచి కుడి పైకి, పైకి, ఎడమ పైకి మరో మూడు. నియమం నిలబడింది. ఎడమ పై నుంచి ఇంకో మూడు మెట్లు తిరిగితే ఎడమకు, ఎడమ కిందికి, చివరికి కిందికి. కాబట్టి ఐదో పటంలో కుడి పై మూలన నిండు చుక్క, కిందికి చూసే బాణం ఉండాలి.

జవాబు పటాలు ఎలా తయారవుతాయో తెలిస్తే ఎక్కడ జారిపడతారో కూడా తెలుస్తుంది. ఈ ప్రశ్నకు నాలుగు జవాబు పటాలు ఇచ్చారనుకుందాం. ఒకదానిలో అన్నీ సరిగా ఉండి చుక్క మాత్రం ఖాళీగా ఉంటుంది. ఇది రంగును పట్టించుకోనివారి కోసం. మరోదానిలో చుక్క పై భుజం మధ్యన ఉంటుంది. చివరి మార్పు 3 కనుక ఇంకో 3 అడుగులే వేయాలనుకున్నవారు 7కు 3 కలిపి, 10లోంచి 8 తీసేసి ఇక్కడికే చేరతారు. మూడోదానిలో బాణం కుడికి చూస్తుంది. మెట్లు సరిగా లెక్కపెట్టి దిశ తారుమారు చేసినవారు దీన్ని గుర్తిస్తారు. మిగిలినదే అసలు జవాబు. మంచి ప్రశ్నలో తప్పు జవాబులు ఇలా ఒక్కో పొరపాటుకు ఒక్కోటిగా ఉంటాయి. అందుకే అన్ని నియమాలూ కనుక్కున్నాక జవాబు వెతకడం కంటే, ఒక్కో నియమం తేలగానే దానికి సరిపడని పటాలను కొట్టేస్తూ పోవడం మేలు. రంగు తేలగానే ఒకటి పోతుంది. చోటు తేలగానే మరొకటి పోతుంది.

సవ్యదిశలో 3 అడుగులు వేసినా, అపసవ్యదిశలో 5 అడుగులు వేసినా చేరే చోటు ఒకటే. అందుకని ఏ దిశను ఎంచుకున్నా నష్టం లేదు, వరుస అంతటా దానికే కట్టుబడితే చాలు. మధ్యలో ఒకసారి సవ్యదిశలో, మరోసారి అపసవ్యదిశలో లెక్కపెట్టినప్పుడే లేని నియమం ఉన్నట్టు కనిపిస్తుంది. చుక్క సరిగ్గా ఎదుటి మూలకు దూకితే మూడు వివరణలు కుదురుతాయి. సవ్యదిశలో 4 అడుగులు, అపసవ్యదిశలో 4 అడుగులు, లేదా కర్ణం మీదుగా అడ్డంగా వెళ్లడం. ఆ ఒక్క మార్పును బట్టి ఏది నిజమో తేల్చలేం. తర్వాతి పటంలో చుక్క మొదటి మూలకే తిరిగి వస్తే తేల్చాల్సిన అవసరమూ లేదు, మూడింటికీ జవాబు ఒకటే. వేరే చోటికి వెళితే అప్పుడు ఆ కొత్త మార్పును చూసి నిర్ణయించుకోవాలి.

నవోదయ ప్రవేశ పరీక్షలో మరో చిక్కు ఉంది. అక్కడ ఇచ్చే సమస్య పటాలు మూడే, నాలుగోది కనుక్కోవాలి. మూడు పటాల మధ్య మార్పులు రెండే ఉంటాయి. చుక్క 1, 2, 4 చోట్లలో కనిపించిందనుకుంటే మార్పులు 1, 2. తర్వాతి మార్పు 3 అయితే చుక్క 7కు చేరుతుంది. అడుగులు రెట్టింపవుతున్నాయనుకుంటే మార్పు 4, చుక్క 8కి చేరుతుంది. ఒకటి, రెండు, మళ్లీ ఒకటి అనుకుంటే చుక్క 5 దగ్గర ఆగుతుంది. మూడూ తర్కానికి నిలిచేవే. ఇలాంటప్పుడు తీర్పు చెప్పేది జవాబు పటాలే. ఆ మూడు చోట్లలో ఏదో ఒకటే జవాబుల్లో ఉంటే నియమం అదే. రెండు ఉంటే బాణాన్ని గానీ రంగును గానీ చూసి ఒకదాన్ని తొలగించాలి. అలా కూడా తొలగకపోతే లోపం ప్రశ్నలోనే ఉంది, విద్యార్థిలో కాదు. పిల్లలకు సాధన చేయించేవారు ఈ మాట వారికి స్పష్టంగా చెప్పాలి. ‘కీ’లో ఉన్నదే ఏకైక సత్యమన్నట్టు చెబితే సరిగ్గా ఆలోచించిన పిల్లవాడే తన లెక్కను అనుమానించడం మొదలుపెడతాడు.

బాణం మధ్యలో కాకుండా అంచు మీద ఉన్నప్పుడు దాని చోటు, దిక్కు రెండూ మారుతుంటాయి. పై భుజం మధ్యన ఉన్న బాణం కిందికి, అంటే లోపలికి చూస్తోంది. తర్వాతి పటంలో అది కుడి భుజం మధ్యకు వచ్చి ఎడమకు చూస్తోంది. ఆ తర్వాత కింది భుజం మధ్యన ఉండి పైకి చూస్తోంది. చోటుకొక నియమం, దిక్కుకొక నియమం వెతికితే దొరుకుతాయి గానీ అంత అవసరం లేదు. పటం మొత్తం సవ్యదిశలో 90 డిగ్రీలు తిరిగిందంతే. ప్రశ్నపత్రాన్ని అదే వైపుకు పావు వంతు తిప్పి చూస్తే మొదటి పటం రెండోదానిలా కనిపిస్తుంది. కనిపించకపోతే చోటు, దిక్కు వేరువేరుగా మారుతున్నాయని అర్థం, అప్పుడు విడివిడిగా లెక్కపెట్టాలి.

మామూలు బాణానికి ఒక పరిమితి ఉంది. దాని కాడకు రెండు పక్కలా మొన ఒకేలా ఉంటుంది. అందువల్ల పైకి ఉన్న బాణం కిందికి మారితే అది 180 డిగ్రీలు తిరిగిందో, నీటిలో ప్రతిబింబంలా తలకిందులైందో బాణాన్ని చూసి చెప్పలేం. మొనకు ఒక పక్కనే గీత ఉన్న బాణం ఇస్తే రెండింటికీ తేడా తెలుస్తుంది. తిరిగితే గీత కాడకు అదే పక్కన ఉంటుంది, ప్రతిబింబమైతే పక్క మారుతుంది. బాణం ప్రయాణించే వైపు నిలబడి చూస్తున్నట్టు ఊహించుకుని, గీత ఎడమనా కుడినా అని ప్రతి పటంలో చూసుకుంటే చాలు. ప్రశ్నలో సగం మొన బాణం కనిపించిందంటే ఆ పక్కను పరీక్షించడానికే దాన్ని గీశారని అనుకోవచ్చు.

నవోదయ పరీక్షలో మేధాశక్తి విభాగానికి 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు ఉంటాయి, అంటే ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం. అందులో పటాల వరుస ప్రశ్నలు 4, ఒక్కోదానికి 1.25 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. కాబట్టి చుక్క లెక్క తేలి బాణం లెక్క తేలకపోయినా, సరిపడని పటాలను కొట్టేసి మిగిలినవాటిలో ఒకటి గుర్తించి ముందుకు సాగాలి, గడిని ఖాళీగా వదలకూడదు.