ముప్పై ఐదు సెకన్ల రీల్, ఒక చిన్న ఉత్తరం

నార్సింగిలో నా రూమ్‌మేట్ యానిమేషన్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఛోటా భీమ్ తయారైంది మన హైదరాబాద్‌లోనే కదా, ఇక్కడ ఇంటర్న్‌షిప్ దొరక్కపోతుందా అని ఒక చిన్న స్టూడియోకి మెయిల్ పెట్టాడు. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణమని, కష్టపడి పనిచేస్తానని రాసి, రెండు నిమిషాల షోరీల్ జత చేశాడు. జవాబు రాలేదు.

ఎందుకని ఇద్దరం కూర్చుని చూశాం. మొదటి తప్పు వెంటనే దొరికింది. డ్రైవ్ లింకు ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే పర్మిషన్ అడుగుతోంది! అంటే అవతలివాళ్లు రీల్ చూసే అవకాశమే లేదు.

రెండోది రీల్ సంగతి. పదిమంది ఉండే స్టూడియోలో మెయిల్ తెరిచేది చాలాసార్లు పనిలో ఉన్న యానిమేటరే. "ఇతనికి ఒక షాట్ ఇవ్వొచ్చా?" అన్నదే ఆయన ప్రశ్న. మావాడి రీల్‌లో ముందు పేరు తిరుగుతుంది, తర్వాత మోడలింగ్, లైటింగ్. అసలు బాగా వచ్చిన నడక చివర్లో. అన్నీ తీసేసి మూడు షాట్లు ఉంచాడు, నడక ముందుకొచ్చింది.

ఆ నడకలోనూ ఒక చిన్న కుదుపు ఉంది. సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 12. 1వ ఫ్రేములో కుడి మడమ ఆనుతుంది, 13లో ఎడమది, 25లో మళ్లీ కుడిది. అంటే 25, 1 ఒకటే భంగిమ. లూప్ 24 దగ్గరే ఆగాలి. మావాడు 25 కూడా కలిపేయడంతో ప్రతి రౌండుకీ ఒక ఫ్రేము నిలబడిపోయినట్టు కనిపించేది. ఇలాంటిది మనం గమనించకపోయినా యానిమేటర్ కన్ను పట్టేస్తుంది.

తర్వాత ఉత్తరం ఇలా మారింది:

"నమస్తే అండి. నేను యానిమేషన్ మూడో సంవత్సరం చదువుతున్నాను, నార్సింగిలో ఉంటాను. మీ పిల్లల పాటల్లో ఏనుగు నడుస్తుంటే దాని బరువు తెలుస్తుంది. అలాంటి పని నేర్చుకోవాలని రాస్తున్నాను. రీల్ 35 సెకన్లు. మొదటి రెండు షాట్లలో యానిమేషన్ నాది, రిగ్‌లు ఉచితంగా దొరికినవి. మూడోది గ్రూప్ ప్రాజెక్టు. అందులో తాతయ్య పాత్ర మాత్రమే నేను చేశాను. లైటింగ్ నాకు రాదు. మే 5 నుంచి ఎనిమిది వారాలు రోజూ రాగలను."

"లైటింగ్ రాదు అని మనమే చెప్పుకోవడం ఎందుకురా?" అన్నాను. "రేపు లైటింగ్ ఇస్తే అక్కడ ఏం చెప్పను?" అన్నాడు. గ్రూప్ షాట్ మొత్తం తనదే అనుకునేలా రాసినా ఇంతే. ఆ గ్రూప్‌లో ఇంకొకరు అదే స్టూడియోకి అదే షాట్ పంపితే కథ అక్కడితో ముగుస్తుంది.

సబ్జెక్ట్‌లో పని పేరు, నెలలు, రీల్ నిడివి రాసి పంపాడు. ఈసారి జవాబు వచ్చింది. ఇంటర్న్‌షిప్ ఇంకా రాలేదు, టెస్ట్ ఇచ్చారు: ఒక మనిషి బరువైన పెట్టె ఎత్తాలి, వారం గడువు. ఇప్పుడు మా రూమ్‌లో నీళ్ల క్యాన్ ఎప్పుడు ఖాళీ అయినా కొత్తది నేనే ఎత్తాలి. వాడు ఫోన్‌లో వీడియో తీసుకుంటాడు.