ఎడమ వెనుక డోర్: 260 మైక్రాన్లు

"ఫస్ట్ ఓనర్, డాక్టర్ నడిపిన బండి, షోరూమ్ కండిషన్." సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనల్లో తరచూ కనిపించే మాటలివి. మొదటిదాన్ని ఆర్సీలో సరిచూసుకోవచ్చు. మిగతా రెండూ ఏ బండి గురించైనా రాసుకోవచ్చు, అందుకే వాటిని ఎవరూ నమ్మరు.

డీలరు ఇలా రాశాడనుకుందాం: "2017 పెట్రోల్ స్విఫ్ట్. ఎడమ వెనుక డోర్‌కు మళ్లీ పెయింట్ వేశారు. అక్కడ మీటర్ రీడింగ్ 260 మైక్రాన్లు, మిగతా రేకు అంతా 105 నుంచి 130."

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంపెనీ పెయింట్ మందం సాధారణంగా 100, 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటిందంటే పైన ఇంకో కోటింగ్ పడి ఉండొచ్చు. 500 దాటి పోతుంటే సొట్టలో పుట్టీ నింపారేమోనని అనుమానించాలి. 260 గీతను కప్పిన పెయింట్ కావచ్చు, 900 మాత్రం గుద్దుకున్న డోర్‌ను సాపు చేసిన పుట్టీ కావచ్చు. బజారులో రెండింటినీ "టచప్" అనే అంటారు. కొనేవాడు మోసపోయేది ఆ ఒక్క మాట దగ్గరే. రీడింగ్ రాస్తే ఆ దాపరికం కుదరదు.

అయితే మీటర్ అన్నీ చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మామూలు మీటర్ పనిచేయదు. పాత ఫెండర్ తీసేసి కొత్తది బిగించి శ్రద్ధగా పెయింట్ వేస్తే రీడింగ్ కూడా మామూలుగానే రావచ్చు. అందుకే బోల్టుల ఫొటో కూడా పెట్టాలి. పానా పడిన బోల్టు తల మీద రంగు లేచిపోయి కనిపిస్తుంది.

కిలోమీటర్ల సంగతీ అంతే. "62,000 గ్యారంటీ" అనడం కంటే ఇలా రాయడం మేలు: "ఓడోమీటర్‌లో 62,000. కంపెనీ సర్వీస్ రికార్డులో చివరి నమోదు 2023 మార్చిలో 48,200. ఆ తర్వాత బయట సర్వీస్ చేయించారు, బిల్లులు లేవు." ఎక్కడిదాకా ఆధారం ఉందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పిన వాక్యమిది. ఇలా రాస్తే బేరం కొంత తగ్గవచ్చు. కానీ చూడటానికి వచ్చినవాడు ఆ లోపం తానే కనిపెట్టి వెనక్కి పోయే అవస్థ ఉండదు.

ఇంజిన్ వీడియో మాత్రం ఉదయం, బండి చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడెక్కిన ఇంజిన్‌లో స్టార్టింగ్ పొగ, టకటక చప్పుడు బయటపడకపోవచ్చు.

కొనేవారు అడ్వాన్సు ఇచ్చేముందు ప్రతి డోర్ రీడింగ్‌నూ మీటర్ కనిపించేలా ఫొటో తీసి పంపమని అడగండి. పంపనంటే ఆ బండి వదిలేయండి.