నాలుగూ మంచి జవాబులే అయినప్పుడు

సైబర్ భద్రత ఉద్యోగాల్లో అడుగుపెట్టాలనుకునే చాలామంది ముందుగా రాసేది కాంప్‌టియా సంస్థ నిర్వహించే సెక్యూరిటీ ప్లస్ పరీక్ష. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు వస్తాయి. బాగా చదివినవారు కూడా ఇందులో తడబడతారు. ఎందుకంటే చాలా ప్రశ్నల్లో ఇచ్చిన నాలుగు రక్షణలూ మంచివే. ప్రశ్నలోని ముప్పును వాటిలో ఏది తగ్గిస్తుందో పట్టుకోవాలి.

ఈ తరహా ప్రశ్న ఒకటి చూద్దాం. ఓ ఆసుపత్రి సర్వర్‌లోకి రాన్సమ్‌వేర్ చొరబడి, రోగుల రికార్డులు తెరుచుకోకుండా చేసింది. డబ్బు కట్టకుండా వాటిని తిరిగి పొందాలంటే ముందే ఏది ఉండాలి? డిస్క్ ఎన్‌క్రిప్షన్, రెయిడ్-1, రెండంచెల లాగిన్, నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా దాచిన బ్యాకప్: ఇవీ ఆప్షన్లు.

ఎన్‌క్రిప్షన్ పేరు వినగానే చాలామంది అటే మొగ్గుతారు. అది పనికొచ్చేది డిస్కునో, ఆపేసి ఉన్న ల్యాప్‌టాప్‌నో దొంగ ఎత్తుకుపోయినప్పుడు. సర్వర్ నడుస్తున్నంతసేపూ డిస్క్ తాళం తీసే ఉంటుంది. రాన్సమ్‌వేర్ ఆ ఫైళ్లనే తెరిచి, తన తాళం వేసుకుంటుంది.

రెయిడ్-1 ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచుతుంది. ఒక డిస్క్ పాడైతే రెండోది ఆదుకుంటుంది. కానీ ఫైలు చెడితే, ఆ చెడిన రూపమే అదే క్షణంలో రెండింట్లోనూ చేరుతుంది.

రెండంచెల లాగిన్ దొంగిలించిన పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చేవారిని అడ్డుకుంటుంది. 2021లో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్‌లోకి దుండగులు వచ్చింది అది లేని ఓ పాత వీపీఎన్ ఖాతా ద్వారానే. అయితే ఇక్కడ దాడి జరిగిపోయింది. పోయినదాన్ని తిరిగి ఇచ్చేది బ్యాకప్ ఒక్కటే.

అదీ నెట్‌వర్క్‌కు దూరంగా ఎందుకుండాలో 2017 జూన్‌లో మెర్స్క్ నౌకా సంస్థకు తెలిసొచ్చింది. ఉద్యోగుల లాగిన్లను నియంత్రించే దాదాపు 150 సర్వర్లు ఎప్పటికప్పుడు ఒకదాన్ని చూసి మరొకటి సరిచేసుకునేవి. ఒకటి పోయినా మిగతావి ఉంటాయన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. నాట్‌పెట్యా దాడిలో అవన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘనా కార్యాలయంలోని ఒక్క సర్వరే మిగిలింది. దాడి సమయానికి అక్కడ కరెంటు పోవడంతో అది నెట్‌వర్క్‌లో లేదు. ఆ ఒక్క కాపీ ఆధారంగానే సంస్థ తన వ్యవస్థను తిరిగి నిలబెట్టుకుంది.

ఇప్పుడు ఆసుపత్రి ప్రశ్నలో ఒక వాక్యం మార్చి చూడండి. దుండగులు రికార్డులను ముందే కాపీ చేసుకుని, బయటపెడతామని బెదిరిస్తున్నారు. ఆ బయటపడే ముప్పును ఏది తగ్గించేది? బ్యాకప్ ఉంటే ఆసుపత్రి పని మళ్లీ మొదలవుతుంది గానీ, బయటికి పోయిన కాపీ వెనక్కి రాదు. ఆప్షన్లలో డేటా బయటికి వెళ్లకుండా కనిపెట్టి ఆపే డీఎల్‌పీ ఉంటే, ఈసారి జవాబు అదే.